ఉల్లి వేరు ఫొటోలో ఏ కణం ఏ దశ?

ఉల్లిగడ్డ అడుగు నీటికి తగిలేలా పెడితే కొద్ది రోజుల్లో తెల్లటి వేళ్లు దిగుతాయి. వాటి కొసలను కోసి, విభజన ఎక్కడిదక్కడ ఆగిపోయేలా ఆల్కహాలు, ఎసిటిక్ ఆమ్లాల మిశ్రమంలో ఉంచుతారు. తర్వాత ఆమ్లంతో మెత్తబరచి, ఎసిటోకార్మైన్ రంగు పట్టించి, గాజుపలక మీద పెట్టి నొక్కుతారు. మైక్రోస్కోపులో క్రోమోజోములు ఎర్రగా కనిపిస్తాయి. బోటనీ ప్రాక్టికల్స్‌లో విద్యార్థులు తడబడేది ఆ తర్వాతే.

ముందు చూడాల్సింది కణం ఆకారం. కొసకు దగ్గర్లో కణాలు చిన్నగా, చదరంగా ఉంటాయి. విభజన జరిగేది అక్కడే. పైకి వెళ్లేకొద్దీ పొడుగుసాగిన కణాలు వస్తాయి, వాటిలో ఎంత వెతికినా దశలు దొరకవు. చదరపు కణాల్లోనూ ఎక్కువ భాగం విభజన మధ్య విరామంలో ఉన్నవే: గుండ్రటి కేంద్రకం, లోపల చుక్కలాంటి కేంద్రకాంశం. ఆ చుక్క మాయమై, కేంద్రకమంతా చిక్కుపడ్డ దారాల్లా కనిపిస్తే ప్రథమదశ అనుకోవచ్చు.

మధ్యస్థదశలో క్రోమోజోములు కణం నడిమిన ఒకే వరుసలో నిలబడతాయని పుస్తకం చెబుతుంది. అయితే అది పక్కనుంచి చూసినప్పటి మాట. అదే కణాన్ని ధ్రువం వైపునుంచి చూస్తే వరుస ఉండదు, క్రోమోజోములు గుండ్రంగా పరుచుకుని ఉంటాయి. దాన్ని ప్రథమదశ అనుకుని రాసేవాళ్లు చాలామంది. తేడా తేలిగ్గానే తెలుస్తుంది: ఇక్కడ క్రోమోజోములు పొట్టిగా, మందంగా, విడివిడిగా ఉంటాయి. స్లైడు బాగా కుదిరితే లెక్కపెట్టవచ్చు, ఉల్లిలో అవి 16.

అసలు పేచీ తర్వాతి రెండు దశల దగ్గర. ఒక కణంలో రెండు చివర్లా రెండు ఎర్ర ముద్దలు కనిపించాయనుకుందాం. అది చలనదశా, అంత్యదశా? ముద్దల లోపలి అంచు చూడాలి. క్రోమోజోముల కొసలు వేళ్లలా విడిగా నడిమివైపు వేలాడుతుంటే చలనదశే. కండె పోగులు ఒక్కో క్రోమోజోమును సెంట్రోమియర్ దగ్గర పట్టి లాగుతాయి కాబట్టి చేతులు వెనకబడి వి, జె ఆకారాలు వస్తాయి. కొసలు కలిసిపోయి ముద్ద నునుపుగా మారి, రెంటి మధ్య సన్నటి అడ్డుగీత మొదలైతే అంత్యదశ. ఆ గీత కణఫలకం, కొత్త గోడకు పునాది.

జంతుకణంలో ఈ గీత కోసం వెతకకూడదు. అక్కడ గట్టి గోడ లేదు కాబట్టి విభజనకు ముందు కణం సాధారణంగా గుండ్రబడుతుంది, చివర్లో నడుము దగ్గర నొక్కుకుపోయి రెండవుతుంది. ఉల్లి కణం అలా నొక్కుకుపోదు. దాని నడుము వంకరగా కనిపిస్తే, గాజుపలకను గట్టిగా నొక్కడం వల్ల వచ్చిన చెడుపని అనుమానించాలి.

ఫొటోలో పక్కపక్కన ఉన్న కణాలు వరుస దశలు కావు, ఒక్కోటీ వేరు కథ. అందుకే పక్కదాన్ని చూసి ఊహించకుండా, ఏ కణాన్ని ఆ కణంగానే తేల్చాలి. క్రోమోజోములు ఒకదానిమీదొకటి పడి ఏ దశో తేలకపోతే, ఆ కణాన్ని లెక్కలోంచి తీసేయడమే మంచిది.