కనిపించే అంకె, కలవని మొత్తం

ఎనిమిది ఫ్లాట్లున్న చిన్న అపార్ట్‌మెంట్ అనుకుందాం. నెలకు మెయింటెనెన్స్ 2,500 రూపాయలు. ట్రెజరర్ ఐదుగురి వసూళ్లు చేత్తో టైపు చేశారు. ఒకరి పేరుతో నోట్లు కాకుండా ఆన్‌లైన్‌లో వచ్చిన మిగతా మూడు మొత్తాలనూ బ్యాంకు ఇచ్చిన ఫైలు నుంచి, వెబ్ పేజీ నుంచి కాపీ చేసి అతికించారు. C కాలమ్‌లో ఎనిమిది గడుల్లోనూ 2500 చక్కగా కనిపిస్తోంది. కింద `=SUM(C2:C9)` కొడితే 20,000 రావాలి. వచ్చింది 12,500. తప్పు జరిగిందన్న హెచ్చరిక ఎక్కడా లేదు.

ఆ మూడు గడుల్లో ఉన్నది సంఖ్య కాదు, సంఖ్యలా కనిపించే అక్షరాల వరుస. ఎక్సెల్ ప్రతి గడిలోని విలువను సంఖ్యగానో అక్షరాలుగానో గుర్తుపెట్టుకుంటుంది. బయటి నుంచి డేటా వచ్చినప్పుడు ఈ గుర్తింపు తరచూ తారుమారవుతుంది. SUM తనకిచ్చిన గడుల్లో అక్షరాలు కనబడితే వాటిని వదిలేసి మిగతావి కలుపుతుంది. ఇది లోపం కాదు, కావాలని పెట్టిన ఏర్పాటే. లేకపోతే మధ్యలో 'జమ' అని ఒక శీర్షిక ఉన్నా లెక్క ఆగిపోయేది. కాలమ్ మొత్తం అక్షరాలైపోతే జవాబు 0 వస్తుంది, ఎవరైనా పసిగడతారు. కొన్ని మాత్రమే అలా మారినప్పుడే ప్రమాదం. 12,500 నమ్మదగ్గ సంఖ్యలాగే ఉంటుంది మరి.

పట్టుకోవడం కష్టం కాదు. ఏ అలైన్‌మెంటూ పెట్టకపోతే సంఖ్యలు గడిలో కుడివైపు, అక్షరాలు ఎడమవైపు చేరతాయి. అందంగా ఉంటుందని కాలమ్‌ను మధ్యకు జరిపిన వారికి ఈ ఆనవాలు దొరకదు. అంతకన్నా గట్టి పరీక్ష ఇది:

```
=COUNTA(C2:C9)
=COUNT(C2:C9)
```

మొదటిది ఖాళీగా లేని గడులన్నీ లెక్కిస్తుంది, రెండోది సంఖ్యలనే లెక్కిస్తుంది. మన ఉదాహరణలో 8, 5 వస్తాయి. తేడా మూడు. ఎన్ని గడులు మొరాయిస్తున్నాయో అక్కడే తేలిపోయింది.

చాలామంది వెంటనే ఫార్మాట్‌ను Number గా మారుస్తారు. ఏమీ మారదు. ఫార్మాట్ అనేది విలువ ఎలా కనిపించాలో చెబుతుందే తప్ప, లోపల ఉన్నదాన్ని తిరగరాయదు.

ఆ మూడు గడులదీ ఒకటే జబ్బు కాదు. C4 లో ఉన్నవి ఒట్టి అంకెలే, టెక్స్ట్‌గా నిలిచిపోయాయంతే. గడి మూలన చిన్న ఆకుపచ్చ త్రికోణం ఉంటుంది. గడిని ఎంచుకుని, పక్కన వచ్చే పసుపు గుర్తు నొక్కి Convert to Number అంటే సరిపోతుంది. విచిత్రం ఏమిటంటే, దీన్ని సరిచేయక ముందు కూడా `=C3+C4` అంటే 5000 వస్తుంది. కూడిక గుర్తు అక్షరాలను సంఖ్యగా మార్చుకోవడానికి ప్రయత్నిస్తుంది, SUM ప్రయత్నించదు. ఒకే షీటులో రెండు పద్ధతులూ వాడితే రెండు జవాబులు వచ్చేది అందుకే.

C7, C8 సంగతి వేరు. `=C6+C7` కొడితే `#VALUE!` వస్తుంది. `=LEN(C7)` అడిగితే 4 కాదు, 5 అంటుంది. అంకెల చివర కంటికి కనిపించని ఒక ఖాళీ అంటుకుని ఉంది. వెబ్ పేజీల్లో పదాలు విడిపోకుండా వాడే ప్రత్యేకమైన ఖాళీ అది, దాని కోడ్ 160. మామూలు ఖాళీ కోడ్ 32. TRIM తీసేది 32నే, కాబట్టి ఇక్కడ అది పనిచేయదు. పేరుపెట్టి తీయించాలి:

```
=VALUE(SUBSTITUTE(C2,UNICHAR(160),""))
```

దీన్ని D2 లో రాసి D9 దాకా లాగి, మొత్తం D కాలమ్‌కు వేస్తే 20,000 వస్తుంది. ఇక్కడ ఎక్కడైనా `#VALUE!` మిగిలితే ఆ గడిలో ఇంకేదో ఉందన్నమాట. బ్యాంకు స్టేట్‌మెంట్లలో అంకె వెనుక Cr, Dr అని ఉండటం మామూలే. Dr ను గుడ్డిగా తీసేస్తే ఖర్చు కూడా జమలో కలుస్తుంది, ముందు గుర్తు చూసుకోండి.

ఇదే తికమక VLOOKUP లోనూ ఎదురవుతుంది. ఒక షీటులో ఫ్లాట్ నంబరు 101 సంఖ్యగా, ఇంకో షీటులో అక్షరాలుగా ఉంటే, కళ్లెదుట ఉన్నా దొరకలేదంటూ `#N/A` ఇస్తుంది. రెండు వైపులా ఒకే రకం చేస్తే చాలు.

అలాగని కనబడిన ప్రతి అంకెల వరుసనూ సంఖ్యగా మార్చకండి. ఖాతా నంబరు ముందున్న సున్నాలు పోతాయి. ఎక్సెల్ 15 అంకెల వరకే కచ్చితంగా నిలుపుకుంటుంది కాబట్టి 16 అంకెల కార్డు నంబరులో చివరి అంకె 0 అయిపోతుంది. ఆ తర్వాత ఫార్మాట్ మార్చినా అసలు అంకె తిరిగి రాదు. కూడికలోకి రాని నంబర్ల కాలమ్‌ను ఫైలు తెచ్చుకునేటప్పుడే Text అని ఎంచుకోండి.