మూడు వలయాల్లో భాగహారం

‘థియరీ ఆఫ్ కంప్యుటేషన్’ నోట్సు తెరిస్తే మొదటి పేజీల్లోనే కొన్ని వలయాలు, వాటి మధ్య బాణాలతో ఒక బొమ్మ కనిపిస్తుంది. పేరు స్టేట్ డయాగ్రమ్. అది ఫైనైట్ ఆటోమేటన్ అనే ఊహాయంత్రానికి పటం. ఈ యంత్రానికి అక్షరాల వరుసను, అంటే ఒక స్ట్రింగ్‌ను ఇస్తే, ఎడమ నుంచి కుడికి ఒక్కో అక్షరమే చదువుకుంటూ పోయి, చివరికి దాన్ని ఒప్పుకుంటుంది లేదా తిప్పికొడుతుంది. చదివింది మళ్లీ చూడదు, ఎక్కడా రాసిపెట్టుకోదు. ఇప్పుడు ఏ వలయంలో ఉందన్నదొక్కటే దానికి గుర్తు.

ఇంత తక్కువ జ్ఞాపకశక్తితో భాగహారం చేయవచ్చంటే నమ్మబుద్ధి కాదు. కానీ మూడు వలయాలు చాలు. బైనరీలో, అంటే 0, 1 అంకెలతో రాసిన సంఖ్యకు 3తో శేషం లేకుండా భాగం పోతుందో లేదో ఈ బొమ్మ చెప్పేస్తుంది.

వలయాల పేర్లు q0, q1, q2. ఇప్పటిదాకా చదివిన సంఖ్యను 3తో భాగిస్తే 0 మిగిలితే యంత్రం q0లో, 1 మిగిలితే q1లో, 2 మిగిలితే q2లో ఉంటుంది. బయటి నుంచి ఒంటరి బాణం వచ్చి తాకే వలయం q0, ప్రయాణం అక్కడ మొదలవుతుంది. దాని చుట్టూ రెండో గీత కూడా ఉంటుంది. స్ట్రింగ్ అయిపోయేసరికి ఆ జంట గీతల వలయంలో ఉంటేనే ఒప్పుకున్నట్టు.

మరి బాణాలు ఎటు వేయాలి? బైనరీ సంఖ్య చివర 0 చేరిస్తే విలువ రెట్టింపవుతుంది, 1 చేరిస్తే రెట్టింపు మీద ఒకటి ఎక్కువవుతుంది. 101 అంటే 5, 1010 అంటే 10, 1011 అంటే 11. శేషం కూడా ఇదే లెక్కన మారుతుంది. q2లో ఉండగా 1 వచ్చిందనుకోండి. రెండు రెట్లు నాలుగు, ఒకటి కలిపితే ఐదు, మూడు తీసేస్తే మళ్లీ రెండే. అందుకే ఆ బాణం q2 నుంచి బయల్దేరి q2కే తిరిగొస్తుంది. మిగతావీ ఇలాగే లెక్కగడితే ఈ పట్టిక వస్తుంది:

```
      0    1
q0   q0   q1
q1   q2   q0
q2   q1   q2
```

ఇప్పుడు 1001 చదివిద్దాం. 1 రాగానే q0 నుంచి q1కి, 0తో q2కి, మరో 0తో q1కి, చివరి 1తో q0కి. జంట గీతల వలయంలో ఆగింది కాబట్టి ఒప్పుకుంది. 1001 అంటే 9, సరిపోయింది. 1011 ఇస్తే q1, q2, q2, q2 మీదుగా పోయి q2లో ఆగుతుంది. తిరస్కారం. 11లో శేషం 2 అనీ ఆ వలయమే చెబుతోంది.

చాలామంది తడబడేది 11001 లాంటి స్ట్రింగ్ దగ్గర. యంత్రం q1కి వెళ్లి, q0కి వచ్చి, రెండు సున్నాలకీ అక్కడే ఉంటుంది. మధ్యలో జంట గీతల వలయాన్ని తాకింది కదా, ఒప్పుకున్నట్టే అనిపిస్తుంది. కానీ చివరి 1 దాన్ని q1లోకి నెట్టేస్తుంది. సంఖ్య 25, శేషం 1. దారిలో ఎన్నిసార్లు తాకిందన్నది లెక్కలోకి రాదు, ఆఖరి అక్షరం తర్వాత ఎక్కడుందన్నదే తీర్పు.

ఇంకో చిక్కు ఖాళీ స్ట్రింగ్. ఒక్క అక్షరమూ ఇవ్వకపోతే యంత్రం మొదలైన చోటే ఉండిపోతుంది. ఆ చోటు q0 కాబట్టి ఖాళీ స్ట్రింగ్‌ను కూడా ఒప్పుకుంటుంది. అది వద్దనుకుంటే జంట గీత లేని కొత్త ప్రారంభ వలయం గీసి, అక్కడి నుంచి 0కి q0కి, 1కి q1కి బాణాలు వేయాలి. పరీక్షల్లో మార్కులు పోయేది ఇలాంటి చోటే.

ఇలాంటి యంత్రాలను మైకేల్ రాబిన్, డానా స్కాట్ 1959 నాటి పరిశోధన పత్రంలో పద్ధతిగా విశ్లేషించారు. ఆ కృషికి 1976లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు.

మూడుతో భాగించే ఈ యంత్రానికి ‘ముందు కొన్ని సున్నాలు, తర్వాత సరిగ్గా అన్నే ఒకట్లు’ అన్న నియమం మాత్రం కొరుకుడు పడదు. దానికోసం ఎవరో పది వలయాలతో బొమ్మ గీశారనుకుందాం. ఏమీ లేకుండా, ఒక సున్నాతో, రెండింటితో, అలా పది సున్నాల దాకా పదకొండు రకాలుగా మొదలుపెట్టవచ్చు. వలయాలు పదే కాబట్టి ఏవో రెండు ఒకే వలయంలో ఆగి తీరాలి. అవి నాలుగు సున్నాలు, ఏడు సున్నాలు అనుకోండి. ఆ వలయం నుంచి నాలుగు ఒకట్లు చదివిస్తే రెండూ ఒకే చోటికి చేరతాయి. 00001111ను ఒప్పుకోవాలంటే 00000001111ను కూడా ఒప్పుకోక తప్పదు. వలయాలు పదికి బదులు వెయ్యి గీసినా, వెయ్యిన్నొక్క రకాలుగా మొదలుపెట్టి ఇదే తప్పు పట్టుకోవచ్చు.