చేతి వాచీకి కీ ఇవ్వడం: ఎన్ని చుట్లు? ఎక్కడ ఆపాలి?

ఈ పాఠ్యభాగం చదివిన తరువాత మీరు కింది మూడు పనులు చేయగలుగుతారు: కీ వాచీకి సరైన పద్ధతిలో కీ ఇవ్వడం, దానికి ఎన్ని చుట్లు పడతాయో లెక్కించడం, “కీ ఎక్కువై వాచీ ఆగిపోయింది” అనే మాటలో నిజమెంతో పరీక్షించి చెప్పడం.

1. పరిచయం

నెల్లూరులో ఒక ఆదివారం తరగతి ముగిశాక మైపాడు నుంచి వచ్చే విద్యార్థి ఒకరు రుమాలులో చుట్టిన పాత హెచ్‌ఎంటీ వాచీ నా చేతిలో పెట్టాడు. “మా తాతది సార్. మా నాయన చిన్నప్పుడు కీ ఎక్కువ తిప్పేశాడంట. ఆ రోజు నుంచి ఆగిపోయింది. ఇప్పటికీ ఇంట్లో ఆయన్ను ఆ మాట అంటానే ఉంటారు” అన్నాడు.

ఇటువంటి వాచీలు మన ఇళ్లలో చాలా ఉన్నాయి. జపాన్‌కు చెందిన సిటిజన్ సంస్థ సహకారంతో హెచ్‌ఎంటీ 1961లో బెంగళూరులో చేతి వాచీల తయారీ ప్రారంభించింది. ‘జనతా’ వంటి కీ వాచీలు కొన్ని దశాబ్దాల పాటు పెళ్లి కానుకలుగా, ఉద్యోగ విరమణ కానుకలుగా ఇళ్లకు చేరాయి. వాటితో పాటే ఈ “ఎక్కువ కీ” భయం కూడా తరాలు దాటి వచ్చింది. ముందుగా కీ తిప్పినప్పుడు వాచీ లోపల ఏం జరుగుతుందో చూద్దాం.

2. కీ తిప్పినప్పుడు జరిగేది

వాచీ పక్కన ఉండే బొడిపెను క్రౌన్ అంటారు. దాన్ని తిప్పితే రెండు చిన్న చక్రాల ద్వారా ఆ కదలిక ఒక గుండ్రని డబ్బాలోని ఇరుసుకు చేరుతుంది. ఆ డబ్బా పేరు బారెల్. అందులో మెయిన్ స్ప్రింగు అనే పొడవైన సన్నని ఉక్కు పట్టీ ఉంటుంది. దాని లోపలి కొస ఇరుసుకు, బయటి కొస డబ్బా గోడకు తగులుకొని ఉంటాయి.

కీ లేనప్పుడు ఈ పట్టీ డబ్బా గోడను ఆనుకొని విప్పారి ఉంటుంది. కీ ఇచ్చేకొద్దీ ఇరుసు చుట్టూ చుట్టుకుంటుంది. మీకు వినిపించే “కర్ కర్” శబ్దం క్లిక్ అనే చిన్న కొక్కెం పళ్ల మీద జారి పడే శబ్దం. చుట్టుకున్న స్ప్రింగు వెనక్కి విప్పుకోకుండా పట్టి ఉంచేది ఆ కొక్కెమే.

పట్టీ మొత్తం ఇరుసుకు చుట్టుకున్నాక ఇక చుట్టుకోవడానికి ఏమీ మిగలదు. అప్పుడు క్రౌన్ గట్టిగా ఆగుతుంది. అంటే “నిండుగా కీ” అన్నది తయారీదారు ఉద్దేశించిన స్థితే కాని ప్రమాదం కాదు. నిండిన బిందెలో ఇంకా నీళ్లు పట్టనట్లే, నిండిన స్ప్రింగుకు మామూలు వేళ్ల బలంతో ఇంకా కీ ఎక్కదు.

3. ఎన్ని చుట్లు?

ఒక ఉదాహరణ తీసుకుందాం. బారెల్ అంచుకు 72 పళ్లు, అది తిప్పే మధ్య చక్రపు పినియన్‌కు 12 పళ్లు ఉన్నాయనుకోండి. మధ్య చక్రం గంటకు ఒకసారి తిరుగుతుంది. కాబట్టి బారెల్ ఒక చుట్టు తిరగడానికి 72 ÷ 12 = 6 గంటలు పడుతుంది. నిండు కీతో వాచీ 42 గంటలు నడిస్తే, ఇరుసుకు 42 ÷ 6 = 7 చుట్లు కావాలి. క్రౌన్ 4 సార్లు తిరిగితే ఇరుసు ఒకసారి తిరుగుతుందనుకుంటే, మొత్తం 7 × 4 = 28 చుట్లు.

ఇదే వాచీకి రోజూ ఒకే వేళకు కీ ఇచ్చేవారికి 28 చుట్లు పట్టవు. 24 గంటల్లో ఖర్చయింది 4 బారెల్ చుట్లే కనుక 16 క్రౌన్ చుట్లకే ఆగుతుంది. “నిన్న ఎక్కువ తిరిగింది, ఈ రోజు తక్కువకే బిగిసింది” అనే అనుమానానికి సమాధానం ఇదే.

పళ్ల సంఖ్య వాచీని బట్టి మారుతుంది. చాలా కీ వాచీలకు పూర్తిగా ఆగిన స్థితి నుంచి 25 నుంచి 40 చుట్లు పడతాయి. అయితే వేళ్ల మధ్య ఒకసారి జరిపితే క్రౌన్ పూర్తి చుట్టు తిరగదు. మూడో వంతో, సగమో తిరుగుతుంది. అందుచేత 28 చుట్లకు మీరు 60కి పైగా జరుపులు లెక్కపెట్టవచ్చు.

4. సరైన పద్ధతి

వాచీని చేతి నుంచి తీసి పట్టుకోండి. చేతికి ఉండగా తిప్పితే క్రౌన్ పక్కకు వంగి, దాని సన్నని కాడ మీద ఒత్తిడి పడుతుంది. క్రౌన్ పూర్తిగా లోపలికి నొక్కి ఉందో లేదో చూసి, బొటనవేలు, చూపుడువేలుతో ముందుకు నిదానంగా తిప్పండి. వెనక్కి తిరిగితే సాధారణంగా నష్టం లేదు, కీ మాత్రం ఎక్కదు. చివరి రెండు మూడు చుట్లలో బరువు పెరుగుతుంది. స్పష్టంగా ఆగిన చోట మీరూ ఆగండి. రోజూ ఉదయం ఒకే వేళకు ఇస్తే స్ప్రింగు బలం తగ్గిన చివరి గంటలు రాకముందే మళ్లీ నిండుతుంది. సమయం నిలకడగా ఉంటుంది.

ఆటోమేటిక్ వాచీలకు ఈ సూత్రం వర్తించదు. వాటిలో స్ప్రింగు బయటి కొస నిండిన తరువాత డబ్బా గోడ మీద జారుతుంది. ఆగే చోటు కోసం ఎదురుచూస్తే అది రాదు.

5. అపోహ ఎలా పుట్టింది?

ఆగిన తరువాత కూడా బలవంతంగా తిప్పితే కాడ విరగవచ్చు, క్లిక్ పన్ను పోవచ్చు, స్ప్రింగు కొస ఊడవచ్చు. అది బలప్రయోగం వల్ల కలిగే నష్టం. పాతకాలపు కార్బన్ ఉక్కు స్ప్రింగులు తుప్పు వల్ల, అలసట వల్ల తెగేవి. బిగువు అత్యధికంగా ఉండేది కీ ఇచ్చే చివరి క్షణంలో కాబట్టి అప్పుడే తెగడం సహజం. నింద చేతి మీద పడేది.

ఇంకో కారణం మరింత సాధారణమైనది. నూనె ఎండిపోయి, మురికి చేరి వాచీ ఆగుతుంది. యజమాని కీ ఇస్తాడు. స్ప్రింగు నిండుతుంది కాని వాచీ నడవదు. బిగిసిన క్రౌన్‌ను చూసి “కీ ఎక్కువైంది” అంటారు. నిజానికి శక్తి నిండుగా ఉంది. అది ముళ్లదాకా చేరడం లేదు.

దీన్ని చుట్ల లెక్కతోనే తేల్చవచ్చు. ఆగిన వాచీ రెండు మూడు చుట్లకే బిగిస్తే స్ప్రింగు నిండుగా ఉంది, లోపం ముందరి చక్రాల్లో ఉంది. ఆగకుండా తిరుగుతూనే ఉంటే స్ప్రింగు తెగింది లేదా కొస ఊడింది. వదలగానే క్రౌన్ వెనక్కి గిర్రున తిరిగితే క్లిక్ పాడైంది. 25, 30 చుట్లు తీసుకొని నడిస్తే దానికి కావలసింది కీ మాత్రమే.

మైపాడు వాచీ రెండు చుట్లయినా తిరగకుండానే ఆగింది. నెల్లూరులో ఒక మెకానిక్కు దాన్ని విప్పాడు. మెయిన్ స్ప్రింగు చెక్కుచెదరలేదు. నూనె బంకగా మారింది. కాడ పక్కనున్న చక్రపు ఇరుసుకు తుప్పు పట్టింది. సముద్రపు ఉప్పు తేమ, పిల్లవాడు కీ తిప్పడానికి ఎంతో ముందే, కాడ పక్కనున్న సందులోంచి లోపలికి చేరుతూ వచ్చింది. తుప్పు తీసి, కడిగి నూనె వేశాక వాచీ నిండు కీతో 34 గంటలు నడిచింది. ఏళ్ల తరబడి బిగిసి ఉన్న స్ప్రింగు కొంత బలం కోల్పోయి ఉండవచ్చు. తరువాతి ఆదివారం ఆ విద్యార్థి, “నాయనకు చెప్పాను సార్. చానాసేపు చేతిలో పెట్టుకొని కూర్చున్నాడు” అన్నాడు.

అభ్యాసం

ఒక వాచీ బారెల్‌కు 80 పళ్లు, మధ్య చక్రపు పినియన్‌కు 10 పళ్లు ఉన్నాయి. అది నిండు కీతో 40 గంటలు నడుస్తుంది. క్రౌన్ 5 సార్లు తిరిగితే ఇరుసు ఒకసారి తిరుగుతుంది. (అ) ఆగిన స్థితి నుంచి ఎన్ని చుట్లు పడతాయి? (ఆ) 24 గంటలకు ఒకసారి కీ ఇస్తే ఎన్ని పడతాయి?

జవాబులు: (అ) 25 (ఆ) 15