ఉమ్మడి గేటుకు మోటారు: పక్కింటికి ఏం రాయాలి?

రెండిళ్లకు ఒకటే గేటు ఉండి, దానికి మోటారు పెట్టించాలనుకున్నప్పుడు పక్కింటికి రాసే మెయిల్ చాలాసార్లు ఖర్చు, తేదీ చెప్పి "సెన్సర్ ఉంటుంది, భయం లేదు" అన్న మాటతో ముగుస్తుంది. ఆ సెన్సర్ దేన్ని ఆపుతుందో, దేన్ని ఆపలేదో కూడా రాయాలి. ఆ గేటు దగ్గర వాళ్ల పిల్లలూ తిరుగుతారు.

పట్టా మీద పక్కకు జరిగే 12 అడుగుల ఇనుప గ్రిల్ గేటునే తీసుకుందాం. మెయిల్లో ఆ భాగం ఇలా ఉండొచ్చు:

"నమస్కారమండీ. గేటుకు రెండు వైపులా స్తంభాలకు, మోకాలి ఎత్తున ఫొటోసెల్ పెడతారు. గేటు మూసుకుంటుండగా ఆ కిరణానికి ఎవరు అడ్డొచ్చినా అది ఆగి వెనక్కి వెళ్తుంది. కానీ అది కాపాడేది ఆ ఒక్క గీతనే. కిరణం కింద నుంచి దూరే కుక్కపిల్ల దానికి కనిపించదు.

అంతకంటే పెద్ద ప్రమాదం గేటు తెరుచుకునేటప్పుడు ఉంది. గ్రిల్ గోడ వెంట జరుగుతుంటే, ఊచల మధ్య చెయ్యి పెట్టిన పిల్లవాడి చెయ్యి ఊచకూ స్తంభానికీ నడుమ నలుగుతుంది. అందుకే గ్రిల్‌కు చెయ్యి దూరనంత సన్నటి జాలీ కొట్టిద్దాం. స్తంభం అంచుకు, ఒత్తిడి తగలగానే గేటును ఆపే రబ్బరు సెన్సర్ కూడా పెట్టిద్దాం.

కరెంటు పోతే మోటారును విడిపించే తాళం చెవి మీకొకటి, మాకొకటి. విడిపించాక గేటు చేతితో జరుగుతుంది. నేల వాలుగా ఉంటే దానంతటదే దొర్లవచ్చు కాబట్టి పట్టుకుని జరపాలి."

అడ్డం తగిలితే మోటారు మీద భారం పెరిగి, అది గుర్తించి గేటు వెనక్కి తిరుగుతుంది. ఇది పనిచేసేది తగిలాకే. పైగా పట్టాలో మట్టి పేరుకుని గేటు బరువుగా నడిస్తే, కొందరు మెకానిక్‌లు పట్టా శుభ్రం చేయకుండా మోటారు బలం పెంచేస్తారు. అప్పుడు గేటు హాయిగానే నడుస్తుంది గానీ, మనిషి అడ్డొచ్చినా ఆగకపోవచ్చు. కాబట్టి మోటారు బిగించకముందే గేటును చేత్తో తోసి చూడాలి. ఒక చేత్తో తేలిగ్గా జరగకపోతే ముందు చక్రాలు, పట్టా బాగుచేయించాలి. పట్టా రెండు చివర్లా గట్టి స్టాపర్లు లేకపోతే గేటు పట్టా దాటి మనిషి మీద పడొచ్చు. వాటిని మోటారు కన్నా ముందే పెట్టించాలి.

మెయిల్ చివర ఒక పిలుపు ఉండాలి: బిగించిన రోజు రెండిళ్లవాళ్లూ నిలబడి, గేటు దారిలో చెక్కదిమ్మ పెట్టి, అది తగలగానే వెనక్కి వెళ్తుందో లేదో చూడటానికి. ఫొటోసెల్‌కు కర్ర అడ్డుపెట్టి కూడా చూడాలి. శరీరంతో మాత్రం పరీక్షించకూడదు. నెలకోసారి ఇదే పరీక్ష చేయాలి. రెండింటిలో ఏది తప్పినా, మెకానిక్ వచ్చేదాకా మోటారు ఆపేసి గేటును చేత్తోనే జరుపుకోవాలి.