బొమ్మ పోయిన లెక్క

“పటంలో చూపినట్లు నేలపై ఉన్న 10 కిలోల పెట్టెపై 30 డిగ్రీల కోణంలో 50 న్యూటన్ల బలం పనిచేస్తోంది. ఘర్షణ గుణకం 0.4. పెట్టె త్వరణం ఎంత?” ప్రశ్న ఉంది, పటం లేదు. జిరాక్సులో చెరిగిపోయినా, నోట్సులోకి ఎక్కించేటప్పుడు వదిలేసినా విద్యార్థికి మిగిలేది ఇదే. అంకెలన్నీ ఉన్నాయి కదా, చేసేయొచ్చనిపిస్తుంది. చేసి చూద్దాం.

గురుత్వ త్వరణం 10 అనుకుంటే పెట్టె బరువు 100 న్యూటన్లు. తాడు కట్టి, నేల నుంచి 30 డిగ్రీలు పైకి లాగుతున్నారనుకోండి. బలంలో 25 న్యూటన్లు పెట్టెను పైకి ఎత్తుతాయి, 43.3 న్యూటన్లు ముందుకు లాగుతాయి. నేలపై ఒత్తిడి తగ్గడంతో అభిలంబ బలం 75 న్యూటన్లే అవుతుంది. ఘర్షణ అందులో 0.4 వంతు, అంటే 30. మిగిలిన 13.3 న్యూటన్లతో పెట్టె సెకనుకు సెకనుకు 1.33 మీటర్ల త్వరణంతో కదులుతుంది.

అదే బలంతో వెనక నుంచి 30 డిగ్రీలు కిందికి వాలుగా నెడితే? ఆ 25 న్యూటన్లు ఇప్పుడు పెట్టెను నేలకు అదుముతాయి. అభిలంబ బలం 125కు, ఘర్షణ 50 వరకు పెరగగలదు. ముందుకు నెట్టేది మాత్రం 43.3 న్యూటన్లే. నిలిచి ఉన్న పెట్టె కదలదు. ఇక ఆ 30 డిగ్రీలను నేల నుంచి కాక నిట్టనిలువు గీత నుంచి కొలిచారనుకుంటే, పైకి లాగినప్పుడు త్వరణం 0.23కు పడిపోతుంది. ప్రశ్న ఒక్కటే, జవాబులు మూడు.

పుస్తకం చివర జవాబు 1.33 అని ఉంటే, పోయిన బొమ్మలో తాడు పైకి లాగుతోందని తేల్చవచ్చు. కానీ ఈ ఉపాయం అన్నిచోట్లా పనిచేయదు. నేల నున్నగా ఉండి ఘర్షణే లేకపోతే, నేల నుంచి 30 డిగ్రీల్లో పైకి లాగినా కిందికి నెట్టినా త్వరణం 4.33 మాత్రమే. జవాబు చూసి బొమ్మను ఊహించలేం.

అందుకే స్వేచ్ఛా వస్తు పటం గీసే ముందు ప్రతి బలానికీ మూడు సంగతులు మాటల్లో ఉండాలి: ఆ బలాన్ని కలిగిస్తున్నదేది, అది పెట్టెను ఎటు తోస్తోంది లేదా లాగుతోంది, కోణాన్ని ఏ గీత నుంచి కొలిచారు. తాకే తలం గరుకా నునుపా, సమతలమా వాలా అన్నదీ చెప్పాలి. వాలు తలమైతే మరింత జాగ్రత్త అవసరం. అక్కడ “30 డిగ్రీలు” అంటే వాలు నుంచా, నేల నుంచా అన్నది రాయకపోతే తెలియదు.

ఈ ప్రశ్నను ఇలా రాస్తే బొమ్మ లేకున్నా చాలు: “గరుకు సమతలంపై నిశ్చలంగా ఉన్న 10 కిలోల పెట్టెను, నేలకు 30 డిగ్రీలు పైకి వాలిన తాడుతో, 50 న్యూటన్ల బలంతో కుడివైపుకు లాగుతున్నారు.” మాస్టారిని సందేహం అడిగేటప్పుడు “పటంలో చూపినట్లు” అన్న మాట కొట్టేసి, ఇలాంటి వాక్యం రాయండి.