ఒక బిందువు దగ్గర రెండు లిమిట్లు ఎందుకు ఉండవు?

పదకొండో తరగతి లేదా ఇంటర్ మొదటి సంవత్సరం చదివే పిల్లల గణితం నోటుబుక్కు తిరగేస్తే, లిమిట్స్ చాప్టర్ మొదట్లోనే మీకు ఇలాంటి లెక్క కనిపిస్తుంది:

lim (x→3) (x² − 9)/(x − 3) = 6

x స్థానంలో నేరుగా 3 వేస్తే 0/0 వస్తుంది, దానికి అర్థం లేదు. అందుకని పైనున్న x² − 9ని (x − 3)(x + 3)గా విడదీసి, పైనా కిందా ఉన్న (x − 3)ని కొట్టేస్తారు. x + 3 మిగులుతుంది. x మూడుకు దగ్గరవుతున్న కొద్దీ ఇది ఆరుకు దగ్గరవుతుంది కాబట్టి జవాబు 6. లెక్క చిన్నదే, మార్కులూ సులువుగానే వస్తాయి.

ఇప్పుడు ఒక తుంటరి పిల్లవాడు లేచి, “సార్, ఇది 6.1కి కూడా దగ్గరవుతోంది కదా, 6.1 అని ఎందుకు రాయకూడదు?” అన్నాడనుకోండి. నవ్వి ఊరుకోవాల్సిన ప్రశ్న కాదిది. x విలువ 2.9 అయినప్పుడు మన ఫంక్షన్ విలువ 5.9. x 2.99 అయినప్పుడు 5.99. అంటే 6.1తో ఉన్న తేడా 0.2 నుంచి 0.11కి తగ్గింది. మామూలు భాషలో అయితే అది 6.1కి నిజంగానే దగ్గరైంది! ‘దగ్గరవడం’ అనే మాట ఒక్కటే పట్టుకుంటే ఆ పిల్లవాడికి జవాబు చెప్పలేం.

అందుకే గణితంలో ఆ మాటను బిగించారు. 19వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో కోషీ, ఆ తర్వాత జర్మనీలో వయర్‌స్ట్రాస్ ఈ పని చేశారు. పిల్లలు ఎప్సిలాన్–డెల్టా అని పిలిచే నిర్వచనం ఇదే. దాన్ని ఒక సవాలు, ఒక హామీగా చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. “L నుంచి తేడా ఇంతకంటే తక్కువ ఉండాలి” అని మీరు ఒక చిన్న ధన సంఖ్య ε చెబుతారు. “అయితే x ను a నుంచి ఇంత దూరం లోపల ఉంచండి చాలు” అని నేను ఒక δ చూపించాలి. ఆ హద్దులోని ప్రతి x కీ, a ని మాత్రం వదిలేసి, మీరు అడిగినంత దగ్గరతనం ఉండాలి. మీరు ఎంత చిన్న ε అడిగినా నేను δ చూపించగలిగితేనే L ను లిమిట్ అంటారు.

ఈ పరీక్ష 6కీ, 6.1కీ పెట్టి చూద్దాం. రెండింటి మధ్య తేడా 0.1, అందులో సగం 0.05. 6కి 0.05 లోపల విలువ ఉండాలంటే x ను 3కి 0.05 లోపల ఉంచితే సరిపోతుంది. 6.1కి 0.05 లోపల ఉండాలంటే విలువ 6.05కీ 6.15కీ మధ్య పడాలి. అలా జరగాలంటే x, 3.05కీ 3.15కీ మధ్య ఉండాలి. 3కి ఆనుకుని ఉన్న ఏ x కీ అది కుదరదు. 6.1 మొదటి సవాలులోనే ఓడిపోయింది.

ఇది ఒక్క ఫంక్షన్ సంగతి. ఏ ఫంక్షన్‌కైనా రెండు లిమిట్లు కుదరవని చెప్పడానికి లెక్క చేయక్కర్లేదు, ఒక చిన్న వాదన చాలు. ఫంక్షన్ f కు a దగ్గర L, M అనే రెండు వేర్వేరు లిమిట్లు ఉన్నాయని కాసేపు ఒప్పుకుందాం. రెండింటికీ ఒకే సవాలు విసురుదాం: ε = |L − M|/2, అంటే మధ్య దూరంలో సగం. L తరఫున ఒక δ₁, M తరఫున ఒక δ₂ వస్తాయి. రెండింటిలో చిన్నదాన్ని తీసుకుని, ఆ హద్దులో a కాని ఒక x ను ఎంచుకుందాం. ఆ ఒక్క x కీ రెండు హామీలూ వర్తిస్తాయి. అప్పుడు

|L − M| ≤ |L − f(x)| + |f(x) − M| < ε + ε = |L − M|

ఒక సంఖ్య తనకంటే తానే చిన్నదని తేలింది. అది అసంభవం కాబట్టి, L, M వేర్వేరు అన్న మన ఊహే తప్పు.

ఇందులో ఉన్న విషయం ఇంటి భాషలో చెప్పుకోవచ్చు. రెండు ఊళ్ల మధ్య దూరం 150 కిలోమీటర్లు అనుకుందాం. ఒకాయన ఫోన్ చేసి, తాను ఈ ఊరికి 75 కిలోమీటర్ల లోపే ఉన్నానని, అదే క్షణంలో ఆ ఊరికీ 75 లోపే ఉన్నానని చెబితే మీరు నమ్మరు. రెండు దూరాలూ కలిపితే 150 కూడా రాదు మరి.

పిల్లలకు ఈ నిరూపణ కంఠతా వచ్చినా, నిజంగా అర్థమైందో లేదో రెండు ప్రశ్నలతో తెలిసిపోతుంది. మొదటిది: సగమే ఎందుకు? ε ను పూర్తి దూరం అంతా తీసుకుంటే రెండు హద్దులూ ఒకదాని మీద ఒకటి పడతాయి, f(x) రెండింటిలోనూ ఇమిడిపోతుంది, వైరుధ్యం రాదు. సగం గానీ అంతకంటే తక్కువ గానీ తీసుకోవాలి. మూడో వంతు తీసుకున్నా నిరూపణ సరైనదే. రెండోది: చిన్న δ ఎందుకు? అది లేకపోతే L హామీకి ఒక x, M హామీకి ఇంకో x తీసుకునే ప్రమాదం ఉంది. ఉదయం ఒక ఊరి దగ్గర, సాయంత్రం ఇంకో ఊరి దగ్గర ఉండటంలో వింతేమీ లేదు కదా! జవాబు పత్రాల్లో ఈ అడుగు ఎగిరిపోవడం తరచుగా చూస్తుంటాం.

ఇంకో గందరగోళం |x|/x దగ్గర వస్తుంది. సున్నాకు కుడివైపు దీని విలువ ఎప్పుడూ 1, ఎడమవైపు ఎప్పుడూ −1. “చూశారా, రెండు లిమిట్లు” అంటారు కొందరు, జవాబుగా ±1 రాసేస్తారు. కానీ 1 గెలవాలంటే సున్నా పక్కనున్న ప్రతి x కీ, ఎడమవైపు వాటికి కూడా, హామీ నిలబడాలి. నిలబడదు. −1కీ అంతే. కాబట్టి ఇక్కడ లిమిట్ రెండు కాదు, అసలు లేదు. కుడి లిమిట్, ఎడమ లిమిట్ అని విడివిడిగా చెప్పుకోవచ్చు, వాటిలో ఒక్కొక్కటీ మళ్లీ ఒక్కటే.

చివరగా, ఈ వాదన నిజంగానే విరిగిపోయే ఒక చోటు ఉంది. √(x − 2) + √(2 − x) చూడండి. x రెండు కంటే పెద్దదైతే రెండో మూలం కింద రుణ సంఖ్య వస్తుంది, చిన్నదైతే మొదటి దాని కింద వస్తుంది. వాస్తవ సంఖ్యల్లో ఇది x = 2 దగ్గర తప్ప ఎక్కడా ఉండదు. లిమిట్‌లో ఆ 2నే వదిలేయాలి, ఇక పరీక్షించడానికి ఒక్క x కూడా మిగలదు. “మా ఇంట్లో ఉన్న ఏనుగులన్నీ తెల్లవే” అంటే ఎవరూ కాదనలేరు, ఇంట్లో ఏనుగే లేదు కాబట్టి. అలాగే ఇక్కడ లిమిట్ 5 అన్నా 50 అన్నా నిర్వచనం అడ్డు చెప్పదు. మన నిరూపణలో ‘ఆ హద్దులో ఒక x ను ఎంచుకుందాం’ అన్న అడుగు ఇక్కడే కూలిపోతుంది. అందుకే లిమిట్ నిర్వచనం చెప్పే ముందు, a కు ఎంత చేరువలోనైనా, a కాకుండా, ఫంక్షన్‌కు విలువ ఉన్న బిందువులు ఉండాలని షరతు పెడతారు.