అనని మాట వినిపించే సన్నివేశం

కథలో గానీ నాటకంలో గానీ ఒక పాత్ర ఊరుకున్నంత మాత్రాన ఆ మౌనానికి అర్థం రాదు. ఆ పాత్ర అనాల్సిన మాట ఏమిటో చదివేవాళ్లకు ముందే తెలిసి ఉండాలి. తెలిస్తే వాళ్లు ఆ మాట కోసం కాచుకుని కూర్చుంటారు. అది రాకపోతే ఇంకా గట్టిగా వినిపిస్తుంది. తెలియకపోతే మాత్రం ఆ చోటు వట్టి ఖాళీ. అందువల్ల ఇలాంటి సన్నివేశం రాయడంలో సగానికి మించిన పని మౌనం మొదలు కాకముందే జరిగిపోతుంది.

దీనికి నాటక రచయితలు ఇప్పటికీ తిరగేసే ఉదాహరణ చెహోవ్ 'చెర్రీ తోట' నాలుగో అంకంలో ఉంది. మాస్కో ఆర్ట్ థియేటర్ ఈ నాటకాన్ని 1904లో మొదటిసారి ప్రదర్శించింది. అప్పుల్లో మునిగిన రానెవ్‌స్కయా కుటుంబం ఎస్టేటు వేలానికి వస్తుంది. దాన్ని కొన్నవాడు లొపాఖిన్. అతని తండ్రీ తాతా అదే ఎస్టేటులో వెట్టి బతుకు బతికినవాళ్లు. రానెవ్‌స్కయా పెంపుడు కూతురు వార్యా ఇన్నాళ్లూ ఆ ఇంటి తాళాలు మోసి, ఖర్చులు చూసింది. వీళ్లిద్దరికీ పెళ్లవుతుందని అందరూ అనుకుంటూ ఉంటారు. మొదటి అంకంలోనే వార్యా ఈ సంగతి ఎత్తుతుంది: లోకమంతా అభినందనలు చెబుతోంది గానీ అతను ఒక్కమాట కూడా అనలేదని వాపోతుంది. చివరి అంకంలో ఇల్లు ఖాళీ చేసి రైలుకు బయలుదేరే ముందు రానెవ్‌స్కయా లొపాఖిన్‌నే నేరుగా అడుగుతుంది. అతను ఇప్పటికిప్పుడు సిద్ధమే అంటాడు. ఆమె వార్యాను లోపలికి పంపిస్తుంది.

ఇక్కడికి ప్రేక్షకులకు తెలియాల్సింది ఏదీ మిగల్లేదు. ఏ మాట రావాలో తెలుసు, ఎవరి నోటి నుంచి రావాలో తెలుసు, రైలు ఆగదనీ తెలుసు. చెహోవ్ ఈ విషయంలో ఏమాత్రం దాపరికం పెట్టుకోలేదు. తర్వాతి రెండు నిమిషాలు దాచుకోగలిగాడంటే, ముందంతా అలా విప్పి చెప్పినందువల్లే.

వార్యా వస్తూనే సామాన్లలో ఏదో వెతకడం మొదలుపెడుతుంది. తానే సర్దాను, ఎక్కడ పెట్టానో గుర్తులేదంటుంది. ఆ వెతుకులాట ఆమె గదిలో నిలబడటానికి ఒక సాకు. ఇక నువ్వెక్కడికి వెళ్తావని అతను అడుగుతాడు. అతను తలుపు తీసింది అంతవరకే. ఫలానా వాళ్లింట్లో ఇల్లు చూసుకునే పనికి ఒప్పుకున్నానని ఆమె జవాబు. ఆ ఊరు ఎంత దూరమో అతను లెక్క చెబుతాడు. తాను ఖార్కోవ్ పోతున్నానంటాడు. చివరికి వాతావరణం మీద పడతాడు: నిరుడు ఈపాటికి మంచు కురుస్తోంది, ఇప్పుడు ఎండ కాస్తోంది, చలి మాత్రం సున్నాకి మూడు డిగ్రీలు కింద ఉంది. తాను చూడలేదంటుంది వార్యా. ఇక్కడ రచయిత ఒక విరామం పెట్టాడు. ఆ విరామం తర్వాత, తమ థర్మామీటర్ పగిలిపోయిందని ఆమే అంటుంది.

ఆ మాట అనాల్సిన అవసరం ఆమెకు లేదు. చూడలేదు అన్నాక సంభాషణ అయిపోయింది. అయిపోయినదాన్ని ఇంకొంచెం పొడిగించి అతనికి మరో అవకాశం ఇవ్వడానికే ఆమె పగిలిన థర్మామీటర్‌ను పట్టుకుంది. మళ్లీ విరామం. బయటి నుంచి ఎవరో అతన్ని పిలుస్తారు. ఆ పిలుపు కోసమే ఇంతసేపూ ఎదురుచూసినట్టు అతను చటుక్కున వెళ్లిపోతాడు. వార్యా నేలమీద కూలబడి మూట మీద తల ఆన్చి ఏడుస్తుంది. పెళ్లి అన్న మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. సన్నివేశాన్ని ముగించింది కూడా వాళ్లిద్దరూ కాదు, బయటి గొంతు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ చాలామంది రచయితలు తడబడేది ఇక్కడే. వాళ్లలో ఒకరి చేత కాదనిపిస్తే అది తిరస్కారం అయ్యేది. పిలుపు రావడం వల్ల అది జరగకుండా జారిపోయిన విషయంగా మిగిలింది.

మౌనాలన్నీ ఒక్క తీరున ఉండవన్నది నాటకాన్ని చదివి వినిపించేవాళ్లకు బాగా తెలుసు. 2005లో నోబెల్ అందుకున్న ఆంగ్ల నాటకకర్త హెరాల్డ్ పింటర్ రాతప్రతుల్లో మూడు గుర్తులు కనిపిస్తాయి: మాట మధ్యలో చుక్కలు, విడిగా 'విరామం', విడిగా 'నిశ్శబ్దం'. వాటిని దర్శకులు స్థూలంగా ఇలా అర్థం చేసుకుంటారు. చుక్కలంటే పాత్ర మాట కోసం తడుముకుంటోంది. విరామం అంటే పైకి మాట ఆగినా లోపల ఆలోచన పరుగెడుతూనే ఉంది, అందుకే తర్వాతి మాట ముందుమాటకు కొనసాగింపు. నిశ్శబ్దం అంటే అప్పటిదాకా సాగింది ముగిసింది. మళ్లీ ఎవరు నోరు తెరిచినా వాళ్లు ఇంతకుముందున్న చోట లేరు. పింటర్ నాటకాలకు దర్శకత్వం వహించిన పీటర్ హాల్ ఈ తేడాలు నటులకు పట్టుబడటానికే ప్రత్యేకంగా రిహార్సల్స్ చేయించేవాడు.

కథారచయితకు ఈ సౌకర్యం లేదు. రంగస్థలం మీద విరామం నిజంగా కాలం తీసుకుంటుంది. కాగితం మీద 'కాసేపు ఎవరూ మాట్లాడలేదు' అన్న వాక్యాన్ని కన్ను అర క్షణంలో దాటేస్తుంది. అక్కడ మౌనాన్ని సాగదీయాలంటే ఆ సేపు చదువరి చూడటానికి ఏదో ఒకటి కావాలి: ఒక చేయి చేస్తున్న పని, పక్కగదిలో ఆగిన చప్పుడు, పాత్ర కావాలని చూపు నిలిపిన వస్తువు. ఆ వస్తువు అసలు విషయానికి దగ్గరగా ఉండాలి, కానీ దాని గురించి బోధించకూడదు. గోడ మీద పాకే బల్లి, తిరిగే ఫ్యాను అందుబాటులో ఉంటాయి కాబట్టి వచ్చి చేరతాయి. కథకు వాటితో సంబంధం లేకపోతే అవి కాలక్షేపమే.

అసంపూర్తి వాక్యానికి తెలుగులో ఒక ప్రత్యేకమైన బలం ఉంది. మన వాక్యంలో క్రియ సాధారణంగా చివర వస్తుంది. చేయడమా చేయకపోవడమా, జరిగిందా జరగబోతోందా, చాలాసార్లు ఎదుటివాళ్లను 'నువ్వు' అంటున్నామా 'మీరు' అంటున్నామా అన్నది కూడా ఆ క్రియలోనే తేలుతుంది. కాబట్టి వాక్యాన్ని క్రియకు ముందు తెంపితే మిగిలిపోయేది ఒక్క మాట కాదు, నిర్ణయం మొత్తం. 'ఆయనే ఉండి ఉంటే...' అని ఇంట్లో పెద్దావిడ ఆగిపోతే, వింటున్న ఒక్కొక్కరూ ఆ ఖాళీని ఒక్కో రకంగా పూరించుకుంటారు. 'నాన్నకి చెప్పకుండా...' అన్నది బెదిరింపు కావచ్చు, బతిమాలడం కావచ్చు. ఎక్కడ తెంపాలన్నది చెవికి తెలియాలి. కర్త దగ్గరే తెంపితే ఏం చెప్పబోతున్నారో అందదు, క్రియ సగం వచ్చాక తెంపితే దాచడానికి ఏమీ మిగలదు. ఇంకో చిక్కు కూడా ఉంది. పాత్ర తనంతట తాను ఆగిందా, ఎదుటివాళ్లు అడ్డుపడ్డారా అన్నది చుక్కలు చెప్పలేవు. అది తర్వాతి వాక్యం చూపించాలి.

ఒక సన్నివేశాన్ని రెండు రకాలుగా రాసి చూస్తే తేడా తెలుస్తుంది. ఆరేళ్ల కిందట కొడుకు చదువుకని అన్న తమ్ముడి దగ్గర నాలుగు లక్షలు తీసుకున్నాడు. ఇప్పుడు తమ్ముడి కూతురి పెళ్లి. శుభలేఖ పట్టుకుని తమ్ముడు ఊరొచ్చాడు. మొదటి రూపం:

"అన్నయ్యా, పెళ్లికి డబ్బు చాలడం లేదు. ఆ నాలుగు లక్షలు ఇస్తే గట్టెక్కుతాను."

"ఇప్పుడు నా దగ్గర లేవురా. పంట పోయింది. నీ మొహం చూడాలంటే సిగ్గుగా ఉంది."

సమాచారం అంతా అందింది, కానీ చదివేవాళ్లకు పని లేదు. రెండో రూపం:

అన్న శుభలేఖ రెండు వైపులా చదివి మళ్లీ కవర్లో పెట్టాడు.

"వంటలు ఎవరికిచ్చావు?"

"మాట్లాడాను అన్నయ్యా. అడ్వాన్సు అడుగుతున్నారు."

అన్న కవరు మడతను బొటనవేలితో నొక్కాడు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

"ఈసారి మినుములు కూడా..."

"విన్నాను. అందరివీ అంతేనటగా."

"కాఫీ కలుపుతున్నా, ఉండు," అంది వదిన లోపలి నుంచి.

"వద్దు వదినా, బస్సు వెళ్లిపోతుంది."

అడ్వాన్సు మాటే అప్పు అడగడం. అన్న దాన్ని అర్థం చేసుకున్నాడని కవరు మడత చెబుతుంది. గిన్నెల చప్పుడు ఆగడంతో వదిన చెవి ఇటే ఉందని, ఆమెకూ విషయం తెలుసని తేలుతుంది. 'మినుములు కూడా' దగ్గర వాక్యం తెగింది. మిగతాది అన్న నోటితో చెప్పించకుండా తమ్ముడే అందుకున్నాడు. అంటే అడగడానికి వచ్చినవాడు అడగకుండానే మానుకున్నాడు. ఆ తర్వాత బస్సు మాట బయటపడే దారి. అయితే ఈ రెండో రూపం ఒంటరిగా నిలవదు. అప్పు సంగతి ముందు పేజీలో ఒక్కసారైనా, సూటిగా పడి ఉండాలి. తమ్ముడు బయలుదేరేటప్పుడు అతని భార్య "మీ అన్నయ్యని అడుగుతారా, నా గాజులు తీయమంటారా" అంటే చాలు.

ఇలాంటి చోట ఎక్కువగా జరిగే పొరపాటు చివరలో వస్తుంది. రచయితకు నమ్మకం చాలక, ఆ నిశ్శబ్దంలో ఆరేళ్ల అప్పు వాళ్ల మధ్య గోడలా నిలబడిందని ఒక వాక్యం కలుపుతాడు. దానితో చదువరి కనుక్కున్నది కాస్తా రచయిత చెప్పిందైపోతుంది. 'నిశ్శబ్దం రాజ్యమేలింది' లాంటి అరిగిన మాటలు చేసేదీ అదే. రెండో పొరపాటు ప్రతి మాట వెనకా చుక్కలు పెట్టడం. అన్ని పాత్రలూ నసుగుతుంటే ఎవరు దేన్ని దాస్తున్నారో తెలియదు. పూర్తి వాక్యాలు మాట్లాడే మనిషి ఒక్కసారి ఆగినప్పుడే అది పట్టుబడుతుంది.

సన్నివేశం కుదిరిందో లేదో చూసుకోవడానికి ఒక పద్ధతి ఉంది. కథ తెలియని ఇద్దరు ముగ్గురికి అక్కడిదాకా చదివి వినిపించి, పాత్ర అనకుండా మింగిన మాట ఏమిటని అడగాలి. ఒకరు అప్పనీ, ఒకరు పాత తగాదా అనీ, ఒకరు జబ్బనీ చెబితే ముందు పేజీల్లో లోపం ఉంది. అందరూ అప్పనే చెప్పి, అన్నకున్నది సిగ్గా మొండితనమా అన్నచోట వాదులాడుకుంటే దాన్ని సరిదిద్దనక్కర్లేదు.

వాస్తవ సమాచారం మౌనంతో అందదు. ఎవరు ఎవరికి ఏమవుతారు, పొలం ఎవరి పేరున ఉంది, ఏ తేదీకి కోర్టు వాయిదా లాంటివి మాటల్లోనే పెట్టాలి. రేడియో నాటకంలో ఈ పరిమితి ఇంకా గట్టిది. అక్కడ కవరు నొక్కే బొటనవేలు కనిపించదు, వట్టి నిశ్శబ్దం ఎక్కువసేపు సాగితే వినేవాళ్లు ప్రసారం ఆగిందనుకుంటారు. అందుకే అదే సన్నివేశాన్ని రేడియోకి రాస్తే గిన్నెల చప్పుడు మొదటి నుంచీ వినిపిస్తూ ఉండాలి. అది ఆగినప్పుడే శ్రోతకు విరామం తెలుస్తుంది.